కాఫీ బాగోలేదా? తప్పు మీ చేతిది కాదు... ప్యాకెట్టుది!

"ఏమ్మా, ఇవాళ కాఫీలో పొడి వేశావా? లేక పాలు మాత్రమే కాచి ఇచ్చావా?"

పొద్దున్నే ఇలాంటి మాట చెవిన పడితే ఏ ఇల్లాలికైనా మనసు చివుక్కుమంటుంది. నిన్న వేసినంతే పొడి, నిన్న పోసినన్ని నీళ్ళు, అవే పాలు. నిన్న బాగున్న కాఫీ ఇవాళ ఎందుకు బాగోలేదు? పది రోజుల క్రితం గుమగుమలాడిన డబ్బా ఇవాళ మూత తీస్తే అటుకుల డబ్బాలా ఎందుకుంది? ఈ ప్రశ్నకు జవాబు మన చేతి వాటంలో లేదు. అది కొనుక్కొచ్చిన ప్యాకెట్టు మీద, మనం దాచుకున్న డబ్బాలో ఉంది. చీర కొంటే అంచు తిరగేసి చూస్తాం, వంకాయ కొంటే ముచిక చూస్తాం. కాఫీ పొడి ప్యాకెట్టు మాత్రం పేరు చూసి, ధర చూసి సంచిలో వేసుకుంటాం. దాని మీద చదవాల్సినవి నాలుగే నాలుగు ఉన్నాయి. గింజలు వేయించిన తేదీ, పొడి ఏ తరహాది, ప్యాకెట్టు ఎంత బరువు, ఎలా కాచుకోవాలని రాశారు. ఈ నాలుగూ తెలిస్తే సగం గొడవ తీరిపోతుంది.

ఆకివీడులో ఒకావిడ ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను. మీ ఇంటి సంగతిలా ఉంటే ఆశ్చర్యపోకండి!

అర కిలో బేరం

ఆ ఇంట్లో ముగ్గురు. ఆవిడ, భర్త, అత్తగారు. ఆయన తెల్లవారకముందే చేపల చెరువుల మీదకు వెళ్ళాలి. ఐదింటికల్లా ఫిల్టరు కాఫీ పడకపోతే ఆయనకు కాలు కదలదు. అత్తగారికి పొద్దున ఒకటి, మూడింటికి ఒకటి ఉండాల్సిందే. మూడింటప్పుడు కోడలూ ఒక గ్లాసు కలుపుకుంటుంది. అంటే పొద్దున మూడు, మధ్యాహ్నం రెండు, రోజుకు ఐదు గ్లాసులు.

చిన్న ప్యాకెట్టు కంటే పెద్దది చవకగా పడుతుందని ఆవిడ అర కిలో తీసుకునేది. మొదటి నాలుగైదు రోజులు అత్తగారు నోరెత్తేవారు కాదు. వారం దాటాక "పలచగా ఉందమ్మా" అనేవారు. కోడలు అర చెంచా ఎక్కువ వేసేది. అప్పుడు "చేదుగా ఉందమ్మా" అనేవారు. రెండో వారం చివరికొచ్చేసరికి పలచగానూ ఉండేది, చేదుగానూ ఉండేది! ఇక వానాకాలంలో అయితే డబ్బా అడుగున పొడి బెల్లం గడ్డలా ముద్ద కట్టేది.

"మా రోజుల్లో ఇలా ఉండేది కాదు, చేతి వాటం కూడా ఉండాలి" అని అత్తగారు పొరుగింటావిడతో అన్న మాట ఆవిడ చెవిన పడింది. పాపం, కంపెనీ మార్చింది. మళ్ళీ అదే కథ. కొట్టు మార్చింది. "ఆయ్, తాజాదేనండి, మొన్నే వచ్చిందండి" అన్నాడు కొట్టాయన. మళ్ళీ అదే కథ. కొట్టాయన అబద్ధం ఆడలేదు. సరుకు అతని కొట్టుకు మొన్నే వచ్చింది. గింజలు ఎప్పుడు వేయించారో అతనికీ తెలీదు!

ఏలూరు నుంచి ఆడపడుచు వచ్చిన రోజున అసలు సంగతి బయటపడింది. ఆవిడ కాఫీ ఒక గుక్క తాగి, గ్లాసు పక్కన పెట్టి, "వదినా, నీ చేతికేం కాలేదు గానీ, ఆ ప్యాకెట్టు కాగితం పారేశావా, ఉందా?" అని అడిగింది. చెత్తబుట్టలోంచి తీసి తుడిచి చూశారు. ఇద్దరూ కలిసి ఏం చూశారో ఒక్కొక్కటే చెప్పుకుందాం.

మొదట చూడాల్సింది: వేయించిన తేదీ

పచ్చి కాఫీ గింజకు మనకు తెలిసిన కాఫీ వాసన ఉండదు. గడ్డి వాసనలా ఏదో ఉంటుంది. వేయించినప్పుడే దానికి ఆ ఘుమఘుమ పుడుతుంది. పుట్టిన క్షణం నుంచే పోవడం కూడా మొదలవుతుంది. వేగిన గింజ లోపల బొగ్గుపులుసు వాయువు నిండి ఉంటుంది. అది కొన్ని రోజుల పాటు మెల్లగా బయటికి వస్తూ ఉంటుంది. వచ్చేటప్పుడు వాసననూ కొంత వెంట తీసుకుపోతుంది. అది పోయిన చోటికి గాలి చేరుతుంది. గాలి తగిలితే గింజలోని నూనె మక్కుతుంది. పాత కొబ్బరి ముక్క మక్కిన వాసన మనకు తెలుసుగా, ఇదీ అలాంటిదే.

గింజగా ఉన్నంత కాలం ఈ పని నెమ్మదిగా జరుగుతుంది. మూత బిగించిన డబ్బాలో వేయించిన గింజలు మూడు, నాలుగు వారాలు బాగానే ఉంటాయి. మర ఆడించి పొడి చేశామంటే గాలి తగిలే చోటు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ధనియాలకూ ధనియాల పొడికీ ఉన్న తేడానే ఇది. పొడి చేసిన కాఫీ, ప్యాకెట్టు విప్పాక, వారం పది రోజులే అసలు రుచి ఇస్తుంది. ఆ తర్వాత తాగడానికి పనికిరాదని కాదు. పాడవదు, చెడు చేయదు, కానీ వాసన ఉండదు.

ఇప్పుడు ప్యాకెట్టు తిప్పి చూడండి. చాలా వాటి మీద ప్యాక్ చేసిన తేదీ ఉంటుంది, ఎప్పటిలోపు వాడాలో ఉంటుంది. వేయించిన తేదీ ఉండదు! ఆకివీడు ఆవిడ ప్యాకెట్టు మీద జూన్‌లో ప్యాక్ చేసినట్టు, తొమ్మిది నెలల్లోపు వాడుకోవచ్చని ఉంది. ఆవిడ కొన్నది ఆగస్టులో. చట్టప్రకారం తప్పేమీ లేదు. ఆ తొమ్మిది నెలలు ప్యాకెట్టు సీలు విప్పనంత వరకు చెప్పిన మాట. విప్పిన రోజు నుంచి లెక్క వేరు.

కాబట్టి మూడు రకాల ప్యాకెట్లుంటే మొదటి ఓటు వేయించిన తేదీ స్పష్టంగా వేసిన దానికి. ఆ తేదీ నుంచి రెండు మూడు వారాలు దాటని పొడి దొరికితే అదృష్టమే. అది లేకపోతే ప్యాక్ చేసిన తేదీ ఇటీవలిది చూసుకోండి. కొట్టులో ముందు వరసలో పెట్టినవి పాత సరుకు, వెనక వరసలోవి కొత్తవి కావడం మామూలే. చెయ్యి కొంచెం చాచి వెనకది తీయండి, మొహమాటం వద్దు. ప్యాకెట్టు కాగితం కూడా చూడండి. లోపల వెండిరంగు రేకు ఉన్న మందపు ప్యాకెట్టు గాలినీ తేమనూ ఆపుతుంది. పలచటి ప్లాస్టిక్ సంచిలో కట్టిచ్చినది ఆపదు. కొన్ని ప్యాకెట్ల మీద బొత్తం లాంటి చిన్న రంధ్రం కనిపిస్తుంది. అది చిల్లు కాదు. లోపలి వాయువును బయటికి వదిలి, బయటి గాలిని లోపలికి రానివ్వని ఏర్పాటు.

దగ్గర్లో గింజలు వేయించి కళ్ళెదుట మర ఆడించి ఇచ్చే కాఫీ కొట్టు ఉంటే మరీ మంచిది. అక్కడ అడగాల్సింది "తాజాదేనా?" అని కాదు. ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ "ఆయ్, తాజాదేనండి" అనే! "ఈ గింజలు ఏ రోజు వేయించారండీ?" అని అడగండి. రోజు పేరు చెప్పగలిగితే ఆ కొట్టు నమ్మదగ్గది.

"మరి కోసిన తేదీ చూడక్కర్లేదా?" అంటారేమో. కాఫీ పండ్లు ఏడాదికి ఒక్క పంటే. మన అరకు వైపు సుమారు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎర్రగా పండినవి ఏరుతారు. తొక్క తీసి ఎండబెట్టిన పచ్చి గింజ పొడి చోట నెలల తరబడి నిలుస్తుంది. అందుకని ఇంటి కాఫీకి కోసిన తేదీ కంటే వేయించిన తేదీయే ముఖ్యం. పోయిన పంటదా, అంతకుముందుదా అని తెలిస్తే చాలు.

రెండోది: పొడిలో ఏముంది? ఎంత మెత్తన?

ప్యాకెట్టు ముందు వైపు పెద్ద అక్షరాల్లో పేరుంటుంది. దాంతోపాటు చిన్న అక్షరాల్లో కాఫీ ఎంత శాతం, చికోరీ ఎంత శాతం అని ఉంటుంది. చికోరీ కలిపితే ఆ పాళ్ళు రాసి తీరాలి. కాఫీ 51 శాతానికి తగ్గకూడదన్నది నిబంధన. చికోరీ అంటే ఒక మొక్క వేరు. ఎండబెట్టి, వేయించి, పొడి చేస్తారు. అందులో కాఫీలో ఉండే కెఫీన్ ఉండదు. రంగు, చిక్కదనం, కొంచెం తీపి కలిసిన చేదు ఇస్తుంది. మోసం కాదు, చాలామందికి ఆ రుచే ఇష్టం. కానీ మనం దేనికి డబ్బిస్తున్నామో తెలియాలి కదా! 60 కి 40 పాళ్ళలో కలిపిన అర కిలో ప్యాకెట్టులో కాఫీ 300 గ్రాములే.

మన కొల్లేటి వైపు వాళ్ళు చికోరీ గురించి ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. అది తేమను బాగా పీల్చుకుంటుంది. చుట్టూ చెరువులు, పక్కనే ఉప్పుటేరు, వానాకాలం గాలి పిండితే నీళ్ళు కారేలా ఉంటుంది. చికోరీ ఎక్కువున్న పొడి ఇక్కడ తొందరగా ముద్ద కడుతుంది. ఆకివీడు ఆవిడ డబ్బా అడుగున గడ్డ కట్టిన సంగతి ఇదే. ఆ ప్యాకెట్టు మీద చికోరీ 40 శాతమని రాసి ఉంది!

విడిగా కొన్న పొడిలో చికోరీ ఉందో లేదో చూడాలంటే ఒక గాజు గ్లాసు నిండా చల్లటి నీళ్ళు తీసుకోండి. చిటికెడు పొడి పైన చల్లండి. కలపకండి. కాఫీ చాలాసేపు పైనే తేలుతుంది. చికోరీ గోధుమరంగు గీతలు గీసుకుంటూ కిందకు దిగుతుంది. నిమిషం పనే.

ఇక మెత్తదనం. ఒకే గింజను ఎన్నో రకాలుగా ఆడవచ్చు. చిటికెడు పొడి వేళ్ళ మధ్య నలిపి చూడండి. బొంబాయి రవ్వలా పలుకు తగిలితే అది గాజు జాడీలో నానబెట్టి వంపుకునే తరహా కాఫీకి. బాగా మెత్తగా ఉండి వేళ్ళకు అంటుకుంటే యంత్రం మీద ఒత్తిడితో తీసే ఎస్ప్రెస్సోకు. మన స్టీలు ఫిల్టరుకు కావాల్సింది ఈ రెంటికీ మధ్యది. మెత్తటి ఉప్పు కంటే కాస్త సన్నం, కానీ వేళ్ళకు సన్నటి పలుకు తెలియాలి. మర దగ్గర "ఇంటి ఫిల్టరుకండీ" అని చెప్పండి. ప్యాకెట్టు అయితే ఫిల్టరు కాఫీ అని రాసినది తీసుకోండి. నీళ్ళలో వేయగానే కరిగిపోయే ఇన్‌స్టెంట్ పొడి వేరే సరుకు. పొరపాటున అది తెచ్చి ఫిల్టరులో పోయకండి!

గింజ పేర్లు కూడా కొట్టులో వినిపిస్తుంటాయి. అరబికా అంటే వాసన ఎక్కువ, చేదు తక్కువ. రొబస్టా అంటే చిక్కదనం, చేదు, కెఫీన్ ఎక్కువ. 'ప్లాంటేషన్' అంటే పండు తొక్క తీసి, కడిగి ఆరబెట్టిన అరబికా గింజ. 'చెర్రీ' అంటే పండును పండులాగే ఎండబెట్టి తర్వాత తొక్క తీసినది. 'పీబెర్రీ' అంటే పండులో రెండు బద్దలకు బదులు గుండ్రంగా ఒకటే గింజ పడినది. ఇవి రకం పేర్లు, తాజాదనానికి హామీలు కావు. పాతబడిన పీబెర్రీ కంటే నిన్న వేయించిన మామూలు గింజ మేలు.

మన అరకు కాఫీ అరబికాయే. ఏజెన్సీ గిరిజన రైతులు నీడచెట్ల కింద, మిరియాల తీగల పక్కన పండిస్తారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ దాన్ని కొని, పొడి చేసి అమ్ముతుంది. వాసన బాగుంటుంది. కానీ పాలు ఎక్కువ పోసి తాగే ఇళ్ళలో "ఏమీ తెలియడం లేదు" అనిపించవచ్చు. అలాంటప్పుడు కాస్త ముదురుగా వేయించినది తీసుకుని, పాలు తగ్గించి, డికాక్షన్ పెంచాలి. చికోరీ పొడికి అలవాటు పడ్డ నాలుకకు వారం రోజులు గడువివ్వండి.

మూడోది: ఎంత ప్యాకెట్టు కొనాలి?

ఇక్కడే ఆకివీడు ఆవిడ బేరం బెడిసికొట్టింది. లెక్క చూద్దాం.

గ్లాసుకు 7 గ్రాముల పొడి. రోజుకు ఐదు గ్లాసులకు 35 గ్రాములు. వారానికి 245 గ్రాములు. అంటే పావు కిలో ప్యాకెట్టు ఆ ఇంటికి సరిగ్గా వారం వస్తుంది. అర కిలో రెండు వారాలు రావాలి. పొడి మంచిగా ఉండేది వారం పది రోజులు కాబట్టి పావు కిలో ప్యాకెట్టు ఖాళీ అయ్యేదాకా బాగుంటుంది. అర కిలో మాత్రం సగానికి రాగానే దిగిపోతుంది.

"కానీ అర కిలో చవక కదా!" ఆ మాటే తేల్చుకుందాం. పావు కిలో ప్యాకెట్టులో గ్రాము రూపాయికి, అర కిలోలో 90 పైసలకు పడుతోందనుకోండి. (గ్రాముకు ఎంతో ఇప్పుడు ప్యాకెట్టు మీదే వేస్తున్నారు, చూడండి.) రెండు వారాలకు చిన్న ప్యాకెట్లతో 490 గ్రాములకు 490 రూపాయలు. పెద్ద ప్యాకెట్టుతో మొదటి వారం 245 గ్రాములు. రెండో వారం రుచి దిగిందని గ్లాసుకు 7 బదులు 9 గ్రాములు వేశారు. 35 గ్లాసులకు 315 గ్రాములు. మొత్తం 560 గ్రాములు, 504 రూపాయలు! చవక ప్యాకెట్టుకు పద్నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టి, మాటలు కూడా పడ్డారు. పైగా ఎక్కువ వేస్తే పోయిన వాసన తిరిగి రాదు, చేదు మాత్రమే పెరుగుతుంది.

మీ ఇంటి లెక్క మీరే కట్టుకోండి. రోజుకు ఎన్ని గ్లాసులో దాన్ని 7తో హెచ్చవేయండి, మళ్ళీ 7 రోజులతో హెచ్చవేయండి. వచ్చినదానికి దగ్గర బరువు మీ ప్యాకెట్టు. ఇద్దరే ఉండి రోజుకు రెండు గ్లాసులైతే వారానికి 100 గ్రాములు చాలు. చెంచా బరువు తెలియకపోతే మీ చెంచాతో గుండ్రంగా పది చెంచాల పొడి కాగితంలో పోసి, కిరాణా కొట్లో ఒకసారి తూకం వేయించండి. పదితో భాగిస్తే మీ చెంచా సంగతి తేలిపోతుంది.

పొడి దాచడంలో మూడు తప్పులు మనందరం చేస్తాం. పొయ్యి పక్క అలమరాలో పెడతాం. అక్కడ వేడీ ఆవిరీ రెండూ తగులుతాయి. తడి చెంచా పెడతాం. ఒక్క చుక్క చాలు, చుట్టూ ముద్ద కట్టడానికి. మూడోది, పాడవకూడదని ఫ్రిజ్‌లో పెడతాం. మన వైపు ఫ్రిజ్‌లో చేపో రొయ్యో లేని రోజు ఏది? కాఫీ పొడి చుట్టూ ఉన్న వాసనను లాక్కుంటుంది. అంతేకాక చల్లటి డబ్బా బయటికి తీసి మూత తెరిస్తే, మన ఉక్క గాలిలోని తేమ లోపల నీటి పొరలా దిగుతుంది. రోజుకు రెండుసార్లు ఇలా జరిగితే ఇక చెప్పేదేముంది! ఇంగువకూ ఎండు చేపలకూ దూరంగా, చల్లటి చీకటి అలమరాలో, మూత బిగుసుగా పట్టే చిన్న స్టీలు డబ్బాలో పెట్టండి. చిన్న డబ్బా అని ఎందుకన్నానంటే, పెద్ద డబ్బాలో కొంచెం పొడి ఉంటే మిగతాదంతా గాలే కదా.

నాలుగోది: కాచే తీరు

ప్యాకెట్టు మీద 'రెండు చెంచాలు వేసి వేడి నీళ్ళు పోయండి' అని ఒక ముక్క రాస్తారు. ఏ చెంచా? ఎన్ని నీళ్ళు? పొద్దుటి మూడు గ్లాసుల లెక్క ఇదిగో.

పొడి 21 గ్రాములు. నీళ్ళు 130 మిల్లీలీటర్లు. పొడి తన బరువుకు రెట్టింపు నీళ్ళు పట్టుకుని ఉంచుకుంటుంది. అందువల్ల కిందకు దిగేది 85, 90 మిల్లీలీటర్లు. గ్లాసుకు 30 చొప్పున డికాక్షన్, దానికి 90, 100 మిల్లీలీటర్ల చిక్కటి పాలు.

ఫిల్టరు పై గిన్నె తడి లేకుండా తుడిచి పొడి వేయండి. గిన్నెను రెండుసార్లు తట్టి పొడి సమంగా పరవండి. కాడ ఉన్న బిళ్ళను పైన ఆనించండి చాలు, అదిమి నొక్కవద్దు. నీళ్ళు తెర్లిన తర్వాత దించి అర నిమిషం ఆగండి. మొదట రెండు చెంచాల నీళ్ళు చుట్టూ తిప్పుతూ పోసి, ఇంకో అర నిమిషం ఆగండి. పొడి తాజాదైతే ఈ సమయంలో ఉబ్బి, బుడగలు వచ్చి, వంటిల్లంతా వాసన కమ్ముతుంది. పాత పొడి అయితే బురదలా చప్పగా తడుస్తుంది. తర్వాత మిగతా నీళ్ళు పోసి మూత పెట్టండి.

ఇప్పుడు గడియారం చూడండి. 15 నుంచి 20 నిమిషాల్లో దిగితే పొడి సరిగ్గా ఉన్నట్టు. మూడు నాలుగు నిమిషాల్లో జరజరా దిగిపోయి, టీ నీళ్ళలా ఉంటే పొడి ముతక. లేదా ఆరుగురి ఫిల్టరులో ఇద్దరికి వేశారు. పెద్ద ఫిల్టరులో పొడి పలచటి పొరలా పరుచుకుని నీళ్ళను ఆపలేదు. అందుకే మధ్యాహ్నం రెండు గ్లాసులకు చిన్న ఫిల్టరు వేరే ఉంటే మంచిది. గంటైనా దిగకపోతే పొడి మరీ మెత్తన, లేదా బిళ్ళ నొక్కేశారు, లేదా రంధ్రాలు పూడిపోయాయి. ఒక్కోసారి కింది గిన్నెలో గాలి బయటికి పోవడానికి దారి లేక కూడా ఆగుతుంది. పై గిన్నెను కాస్త ఎత్తి మళ్ళీ పెడితే బొట్లు మొదలవుతాయి. రంధ్రాలు పూడితే ఖాళీ పై గిన్నె అడుగును సన్నటి మంట మీద కాసేపు ఉంచి, చల్లారాక బ్రష్షుతో తోమండి. పేరుకున్న జిడ్డు రాలిపోతుంది.

నీళ్ళ సంగతి మరవకండి. మన చుట్టుపక్కల చాలా చోట్ల బోరు నీళ్ళు ఉప్పన. ఆ నీళ్ళతో ఏ పొడి వేసినా కాఫీ రుచి ఏదోలా ఉంటుంది. క్యాన్ నీళ్ళు కొందరివి మరీ చప్పగా, లవణాలన్నీ పోయి ఉంటాయి. వాటితో డికాక్షన్ చప్పగా దిగుతుంది. తాగడానికి వాడే కాలువ నీళ్ళు వడకట్టి కాచినవి దొరికితే అవి ఒకసారి, క్యాన్‌వి ఒకసారి పెట్టి, ఒకే పొడితో రెండు గ్లాసులు కలిపి చూడండి. ఏది బాగుందో ఇంట్లో వాళ్ళే చెబుతారు.

డికాక్షన్‌ను పొయ్యి మీద మళ్ళీ మరిగించకండి. వాసన ఆవిరవుతుంది, చేదు మిగులుతుంది. చల్లారితే గిన్నెను వేడి నీళ్ళలో నిలబెట్టండి. పాలు వేడిగా ఉంటే డికాక్షన్ వేడి లేకపోయినా గ్లాసు కాఫీ వేడిగానే ఉంటుంది. వాడిన పొడి మీద రెండోసారి నీళ్ళు పోసి తీసే డికాక్షన్‌లో రంగూ చేదూ తప్ప ఏమీ ఉండవు. మధ్యాహ్నం రెండు గ్లాసులకు 14 గ్రాములు కొత్తగా వేసుకోవడమే మంచిది.

డబ్బా మీద చీటీ

ఆకివీడు ఆవిడ ఇప్పుడు ఏం చేస్తోందంటే, అర కిలో మానేసింది. పావు కిలో, ఫిల్టరు పొడి, చికోరీ 20 శాతం ఉన్నది తెస్తోంది. మొదటి రెండు రోజులు అత్తగారు "రంగు తగ్గిందేమమ్మా?" అన్నారు. చికోరీ తగ్గితే రంగు తగ్గుతుంది మరి! మూడో రోజు నుంచి ఆ మాట లేదు. డబ్బా మూత మీద మాత్రం పిల్లల నోటుపుస్తకం కాగితం ముక్క ఒకటి అంటించి ఉంటుంది:

వేయించినది: ఆగస్టు 18
ప్యాకెట్టు విప్పినది: ఆగస్టు 24
పొడి: ఫిల్టరుకు. కాఫీ 80, చికోరీ 20
బరువు: 250 గ్రాములు. ఆగస్టు 31కి అయిపోవాలి
పొద్దున: మూడు చెంచాలు, 130 నీళ్ళు. మధ్యాహ్నం: రెండు చెంచాలు, 85 నీళ్ళు

ఆవిడ ఊరెళ్ళినా ఆ చీటీ చూసి ఆయనే కాఫీ పెట్టుకుంటున్నారట! చీటీలో అన్నిటికంటే ముఖ్యమైన గీత రెండోది, విప్పిన తేదీ. అది ఏ కంపెనీ వాడూ ప్యాకెట్టు మీద రాయలేడు. మనమే రాసుకోవాలి.

ఈసారి కాఫీ బాగోలేదని ఎవరైనా అంటే చిన్నబుచ్చుకోకండి. డబ్బా మూత తీసి వాసన చూడండి, చీటీ మీద తేదీ చూడండి. పది రోజులు దాటితే, "పొడి పాతబడిందండీ, కొత్త ప్యాకెట్టు తెచ్చిపెట్టండి" అని నిశ్చింతగా సంచీ చేతికిచ్చేయండి!